రెండో నెట్ లైను పెట్టించాకే ఆఫీసంతా స్లో అయింది. తప్పు ఎక్కడుంది?

సుజాత_ఒంగోలు · సోమవారం ఉదయం 10:40

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు కర్నూలు రోడ్డులో గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ ఆఫీసు. ఫ్యాక్టరీ చీమకుర్తిలో ఉంది. బిల్లులు, షిప్పింగ్ కాగితాలు, బ్యాంకు పనులు అన్నీ ఇక్కడే జరుగుతాయి. నేను అకౌంట్స్ చూస్తాను, కంప్యూటర్ల బాధ్యత కూడా నాదే.

12 సిస్టమ్‌లు ఉన్నాయి. ఇన్నాళ్లూ 200 ఎంబీపీఎస్ ఫైబర్ లైను ఒక్కటే ఉండేది. కంటైనర్ పోర్టుకు వెళ్లాల్సిన రోజే లైను పోవడం, షిప్పింగ్ బిల్లు ఆన్‌లైన్‌లో వేయలేక అందరం టెన్షన్ పడటం రెండుసార్లు జరిగింది. అందుకని గత నెలలో లోకల్ కేబుల్ వాళ్ల దగ్గర 100 ఎంబీపీఎస్ రెండో లైను తీసుకున్నాం. ఒక టెక్నీషియన్ వచ్చి మైక్రోటిక్ హెక్స్ రౌటర్ పెట్టి, రెండు లైన్లూ కలిపి వాడుకునేలా లోడ్ బ్యాలెన్సింగ్ చేశాడు. ఒకటి పోతే రెండోది దానంతట అదే పనిచేస్తుందని కూడా చెప్పాడు.

ఆ రోజు నుంచే ఇబ్బంది మొదలైంది. పేజీ సగం వచ్చి ఆగిపోతుంది. రిఫ్రెష్ కొడితే ఒక్కోసారి టక్కున వస్తుంది, ఒక్కోసారి రాదు. స్లాబుల ఫొటోలు బయ్యర్‌కి పంపాలంటే 40 ఎంబీ ఫైలు 7, 8 శాతం దగ్గర నిలిచిపోతుంది. బ్యాంకు సైటులో లాగిన్ అయ్యి రెండో పేజీకి వెళ్లగానే సెషన్ ముగిసింది అంటుంది. జీఎస్టీ సైటులో కూడా అంతే. రెండో లైను వైరు రౌటర్ నుంచి పీకేస్తే అన్నీ మామూలైపోతాయి.

ఇంకోటి. పోయిన గురువారం ఫైబర్ లైను రెండు గంటలు పనిచేయలేదు. అప్పుడైనా రెండోదానికి మారాలి కదా, మారలేదు.

టెక్నీషియన్ రెండుసార్లు వచ్చాడు. ఆయన లాప్‌టాప్ పెట్టుకుని చూస్తున్నంతసేపూ అన్నీ బాగానే పనిచేశాయి. స్పీడ్ టెస్ట్ 190 చూపించి, నెట్‌లో తప్పేమీ లేదు మేడమ్, మీ కంప్యూటర్లు పాతవి అని వెళ్లిపోయాడు. ఆయన గేటు దాటేలోపే మళ్లీ మొదలు. ఎవరికైనా ఇలా అయిందా?

సింగరాయకొండ_వెంకీ · సోమవారం ఉదయం 11:05

అక్కా, 200, 100 కలిపితే 300 రావాలి కదా, 190 ఏ వస్తుందంటే బ్యాలెన్సింగ్ సరిగ్గా జరగట్లేదు. రెండు లైన్లూ ఒకే స్పీడు ఉండాలి. రెండోది కూడా 200కి మార్పించండి, సరిపోతుంది.

కావలి_మస్తాన్ · సోమవారం ఉదయం 11:30

నేను కేబుల్ నెట్ వ్యాపారంలో ఉన్నాను, ఇలాంటి కంప్లయింట్లు రోజూ చూస్తాను. సగం పేజీ వచ్చి ఆగడం అంటే నూటికి తొంభై పాళ్లు ఎంటీయూ, అంటే ప్యాకెట్ సైజు హద్దు సమస్య. మీ ఫైబర్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పీపీపీఓఈ రకం అయితే ప్యాకెట్ 1492 దాటకూడదు. రెండో లైను తీసేసి, ఏదైనా విండోస్ సిస్టమ్‌లో ఇది కొట్టి చూడండి.

```
ping -f -l 1464 8.8.8.8
```

జవాబు వస్తే ఎంటీయూ బాగుంది. ఫ్రాగ్మెంట్ చేయాలి అని మెసేజ్ వస్తే అదే మీ రోగం. అది కాకపోతే సైటు పేరుకి ఐపీ అడ్రసు వెతికిచ్చే డీఎన్‌ఎస్ చూడాలి.

హేచరీ_రాజు · సోమవారం మధ్యాహ్నం 12:10

మాకూ ఇదే బాధ. మాది సముద్రం ఒడ్డున రొయ్యల హేచరీ. ట్యాంకుల దగ్గర 16 కెమెరాలు ఉన్నాయి. రెండో లైను పెట్టాక ఇంటి నుంచి ఫోన్లో కెమెరాలు ఒకసారి కనిపిస్తాయి, ఒకసారి కనిపించవు. రాత్రిపూట ఏరేటర్ ఆగిందో లేదో చూసుకోవాలంటే నిద్ర ఉండట్లేదు. మీకు పరిష్కారం దొరికితే నాకూ చెప్పండి.

సుజాత_ఒంగోలు · సోమవారం మధ్యాహ్నం 2:20

మస్తాన్ గారూ, మీరు చెప్పినట్టే రెండో లైను తీసి కొట్టాను. నాలుగింటికి నాలుగూ జవాబు వచ్చాయి.

నెల్లూరు_భాస్కర్ · సోమవారం రాత్రి 9:15

సుజాత గారూ, మీరు రాసిన వాటిలో ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. టెక్నీషియన్ చూస్తున్నంతసేపూ బాగానే పనిచేసింది అన్నారు. ఆయన ఆ టైములో రౌటర్‌లో ఏం తెరిచి చూశాడో గుర్తుందా? గ్రాఫులాగా అంకెలు కదులుతూ, ఏ కంప్యూటర్ ఎంత వాడుతోందో చూపించే కిటికీ తెరిచాడా?

ముందు మస్తాన్ గారి మాట. ఎంటీయూ తప్పయితే రెండో లైను పీకినా ఆ ఇబ్బంది పోదు, ఎందుకంటే పీపీపీఓఈ ఉన్నది మొదటి లైనులో. పైగా మైక్రోటిక్ పీపీపీఓఈ ప్రొఫైలు ఆ సైజు సర్దుబాటు మామూలుగా తనే చేసుకుంటుంది. కాబట్టి అది కాదు.

వెంకీ తమ్ముడూ, రెండు లైన్లు కలిసినా ఒక్క డౌన్‌లోడ్‌కి 300 రాదు. ఒక డౌన్‌లోడ్ అంటే ఒక కనెక్షన్. ఆ కనెక్షన్ మొదటి నుంచి చివరి వరకు ఒకే లైను మీద నడవాలి. లోడ్ బ్యాలెన్సింగ్ పంచేది కనెక్షన్లను, ఒక కనెక్షన్ లోపలి ప్యాకెట్లను కాదు. స్పీడ్ టెస్ట్ ఒకేసారి చాలా కనెక్షన్లు తెరుస్తుంది. వీళ్ల దగ్గర మొదటి లైను మీదికి పోయినవి బ్రహ్మాండంగా పరిగెత్తి 190 చూపిస్తున్నాయి. రెండో లైను మీదికి పోయినవి కుంటుతున్నాయి, అవి ఆ అంకెలో కనబడవు. కాబట్టి ఆ 190 అంకె ఫైబర్ లైను సంగతే చెబుతోంది.

సుజాత_ఒంగోలు · మంగళవారం ఉదయం 9:50

అవును సార్! టార్చ్ అని ఒకటి తెరిచాడు. రంగుల్లో వరుసలు కదులుతూ ఉన్నాయి. అది తెరిచి ఉన్నంతసేపూ నేను పక్కన కూర్చుని ఫైలు పంపితే వెళ్లిపోయింది. అందుకే నేనూ ఏమీ అనలేకపోయాను.

నెల్లూరు_భాస్కర్ · మంగళవారం ఉదయం 10:30

అయితే దొరికింది. దీన్ని ఫాస్ట్‌ట్రాక్ అంటారు. మీ చీమకుర్తి లారీల లెక్కలోనే చెబుతాను.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక గుమాస్తా ఉన్నాడు అనుకోండి. వెళ్లే ప్రతి లారీకీ ఒక చీటీ ఇస్తాడు, నువ్వు మొదటి రోడ్డున పో, నువ్వు రెండో రోడ్డున పో అని. రౌటర్‌లో ఆ గుమాస్తా పేరు మ్యాంగిల్. రెండు లైన్లకు కనెక్షన్లను పంచేది అతనే. మీ టెక్నీషియన్ ఆ పని సరిగ్గానే పెట్టి ఉంటాడు.

కానీ మైక్రోటిక్ పెట్టెలో కంపెనీ నుంచి వచ్చేటప్పుడే ఒక రూల్ ఉంటుంది. తెలిసిన లారీ అయితే గుమాస్తా దగ్గర ఆగక్కర్లేదు, పక్క గేటులోంచి పోనివ్వు అని. రౌటర్ ప్రాసెసర్ మీద భారం తగ్గించడానికి పెట్టిన రూల్ అది. ఒక్క లైను ఉన్నప్పుడు ఎంతో మేలు చేస్తుంది. రెండు లైన్లు ఉన్నప్పుడు ఏమవుతుందంటే, మొదటి లారీ చీటీ తీసుకుని రెండో రోడ్డు ఎక్కుతుంది. అవతలి నుంచి జవాబు రాగానే ఆ కనెక్షన్ తెలిసినది అయిపోతుంది. ఇక ఆ తర్వాత లారీలు పక్క గేటులోంచి చీటీ లేకుండా పోతాయి. చీటీ లేనివాటికి మామూలు రోడ్డే దిక్కు, అంటే మొదటి లైను. కానీ వాటి తలుపు మీద రాసి ఉన్న అడ్రసు రెండో లైనుది. మొదటి లైను కంపెనీ వాళ్లు, ఇది మా అడ్రసు కాదు అని అక్కడే పారేస్తారు.

మరి పూర్తిగా ఎందుకు ఆగట్లేదు అంటారా? కనెక్షన్ ఇంకా బతికే ఉందా అని లెక్క రాసుకోవడానికి రౌటర్ కొన్ని ప్యాకెట్లను మధ్యమధ్యలో పాత గేటులోంచే పంపుతుంది. ఆ కొన్ని చేరుతాయి. అందుకే చచ్చిపోదు, పాకుతుంది. డౌన్‌లోడ్ కంటే అప్‌లోడ్ ఎక్కువ దెబ్బ తినేదీ ఇందుకే, మీ నుంచి బయటికి పోయేవే దారి తప్పుతున్నాయి కాబట్టి. మీ 40 ఎంబీ ఫైలు అక్కడే ఇరుక్కుంది.

ఇక టార్చ్ సంగతి. టార్చ్ గానీ స్నిఫర్ గానీ నడుస్తున్నప్పుడు మైక్రోటిక్ ఫాస్ట్‌ట్రాక్‌ను పక్కన పెట్టేస్తుంది. అన్ని ప్యాకెట్లనూ చూడాలంటే అవి మామూలు గేటులోంచే రావాలి కదా. అంటే జబ్బు వెతకడానికి వాడిన పనిముట్టే జబ్బును దాచేస్తోంది. ఆ కుర్రాడిది పూర్తి తప్పని కూడా అనలేను, 2019లో నెల్లూరులో ఒక ఆఫీసులో నేనూ రెండు రోజులు ఇలాగే తిరిగాను.

నమ్మకం కుదరాలంటే ఇది చూడండి. రౌటర్ సెట్టింగ్‌లు తెరిచే విన్‌బాక్స్‌లో IP, తర్వాత Firewall, అందులో Connections. ఏదైనా ఫైలు పంపుతూ చూడండి. వరుస మొదట్లో ఉండే అక్షరాల్లో `F` ఉండి, అదే వరుసలో రెండో లైను చీటీ, అంటే గుర్తు ఉంటే సందేహం లేదు. ఆ స్క్రీన్ మాత్రమే తెరవండి, టార్చ్ తెరవొద్దు.

సుజాత_ఒంగోలు · మంగళవారం ఉదయం 11:40

సార్, ఉంది. బయ్యర్‌కి మెయిల్ అటాచ్ చేస్తూ చూశాను. ఇదీ వరుస, అవతలి అడ్రసు తీసేశాను.

```
SACFs  tcp  192.168.10.24:51844  ...:443  wan2_conn
```

ఫైలు 6 శాతం దగ్గర ఆగి ఉంది. సరిగ్గా అప్పుడే టార్చ్ తెరిచి చూశాను, 6 నుంచి కదిలి 30కి పోయింది. మూసేయగానే మళ్లీ ఆగింది. కళ్లారా చూశాను.

నెల్లూరు_భాస్కర్ · మంగళవారం మధ్యాహ్నం 12:05

చక్కగా పట్టుకున్నారు. ఇప్పుడు గుర్తు లేని కనెక్షన్లకు మాత్రమే ఫాస్ట్‌ట్రాక్ వర్తించాలి అని రూల్ మార్చండి. రౌటర్ బ్యాకప్ తీసుకున్నాకే చేయండి.

```
/ip firewall filter
set [find action=fasttrack-connection] connection-mark=no-mark
```

ఇప్పటికే పక్క గేటు ఎక్కిన కనెక్షన్లు అలాగే ఉంటాయి. అందుకని అందరూ భోజనానికి లేచినప్పుడు రౌటర్ ఒకసారి ఆపి మళ్లీ పెట్టండి. ప్రాసెసర్ వాడకం పెరుగుతుంది. మీ లైన్ల స్పీడుకి హెక్స్ తట్టుకుంటుంది, కానీ లైన్లు 500 ఎంబీపీఎస్ దాటాయంటే అప్పుడు వేరే రౌటర్ గురించి ఆలోచించాలి.

సింగరాయకొండ_వెంకీ · మంగళవారం మధ్యాహ్నం 12:20

అన్నా, ఫాస్ట్‌ట్రాక్ రూల్ మొత్తం తీసేస్తే సరిపోదా? యూట్యూబ్‌లో అలాగే చెప్పారు.

నెల్లూరు_భాస్కర్ · మంగళవారం మధ్యాహ్నం 12:25

సరిపోతుంది తమ్ముడూ. వాళ్ల దగ్గర దాదాపు అన్ని కనెక్షన్లకూ గుర్తు పడుతోంది కాబట్టి ఫలితం ఒక్కటే. నేను రూల్ ఉంచి షరతు పెట్టడం ఎందుకంటే, రేపు ఎవరైనా వచ్చి, అరే ఫాస్ట్‌ట్రాక్ లేదే అని మళ్లీ కలపకుండా.

సుజాత_ఒంగోలు · మంగళవారం సాయంత్రం 4:45

40 ఎంబీ ఫైలు ఒకే ఊపులో వెళ్లింది. మళ్లీ పంపాను, మళ్లీ వెళ్లింది. నాలుగు వారాల తర్వాత ఈరోజు ఎవరూ నా టేబుల్ దగ్గరికి వచ్చి నెట్ రావట్లేదు అనలేదు. రౌటర్ సీపీయూ 8 ఉండేది, ఇప్పుడు 30 లోపు ఉంటోంది.

కానీ బ్యాంకు సైటు మాత్రం అలాగే ఉంది. లాగిన్ అవుతుంది, పేమెంట్ పేజీకి పోగానే బయటికి తోసేస్తుంది.

కావలి_మస్తాన్ · మంగళవారం సాయంత్రం 5:10

నేను డీఎన్‌ఎస్ అన్నాను కదా, అది చూశారా? బ్యాంకు సైట్లకు అదే కారణం అయి ఉంటుంది.

నెల్లూరు_భాస్కర్ · మంగళవారం రాత్రి 8:50

బ్యాంకుకి కారణం డీఎన్‌ఎస్ కాదు మస్తాన్ గారూ. డీఎన్‌ఎస్ తప్పయితే అసలు లాగిన్ పేజీయే రాదు. దానికి మళ్లీ వద్దాం, నాకు వేరే అనుమానం ఉంది.

బ్యాంకు సర్వర్ మీరు ఎవరో గుర్తుపెట్టుకునేటప్పుడు మీ పబ్లిక్ ఐపీ కూడా చూస్తుంది. లాగిన్ ఫైబర్ లైను ఐపీ నుంచి వచ్చి, తర్వాతి క్లిక్ కేబుల్ లైను ఐపీ నుంచి వస్తే, ఎవరో సెషన్ దొంగిలించారు అనుకుని తలుపు మూసేస్తుంది. బ్యాంకు జాగ్రత్త పడుతోంది, అంతే. మనమే ఒక మనిషిని రెండు అడ్రసుల నుంచి పంపుతున్నాం.

మ్యాంగిల్ రూల్స్‌లో పంపకం ఎలా పెట్టాడో చూడండి. `both-addresses-and-ports` అని ఉంటుందని నా అనుమానం. అలా ఉంటే పోర్టు మారినప్పుడల్లా, అంటే ప్రతి కొత్త కనెక్షన్‌కీ లైను మారవచ్చు. అంకెల్లో చూస్తే పంపకం చాలా సమంగా కనిపిస్తుంది, అందుకే చాలామంది ఇది పెడతారు. ఒక బ్రౌజర్ ఒక సైటుకే నాలుగైదు కనెక్షన్లు తెరుస్తుంది, అవి రెండు వైపులా చెదిరిపోతాయి.

కొందరు `both-addresses` పెట్టమంటారు. ఒక కంప్యూటర్ ఒక సర్వర్‌తో మాట్లాడినంతసేపూ లైను మారదు. కానీ బ్యాంకులో లాగిన్ ఒక సర్వర్, పేమెంట్ ఇంకో సర్వర్ అయితే మళ్లీ అదే కథ. మీలాంటి ఆఫీసుకి `src-address` మంచిది. ఒక కంప్యూటర్ ఏ లైను మీద పడితే అన్ని సైట్లకూ ఆ లైనే. మీ లైన్లు 200, 100 కాబట్టి మూడు వాటాలు చేసి రెండు ఫైబర్‌కి, ఒకటి కేబుల్‌కి ఇవ్వండి. మొదటి వాటా రూల్ ఇలా ఉంటుంది.

```
/ip firewall mangle
add chain=prerouting in-interface=bridge connection-mark=no-mark \
  dst-address-type=!local action=mark-connection \
  new-connection-mark=wan1_conn passthrough=yes \
  per-connection-classifier=src-address:3/0
```

రెండో రూల్‌లో చివర `3/1`, గుర్తు ఇదే. మూడోదానిలో `3/2`, గుర్తు `wan2_conn`. పాత పంపకం రూల్స్ డిసేబుల్ చేయండి, తీసేయొద్దు.

పొదిలి_మాధవ · మంగళవారం రాత్రి 9:30

భాస్కర్ గారి సాంకేతికంలో నాకు తేడా లేదు. కానీ 12 సిస్టమ్‌ల ఆఫీసుకి లోడ్ బ్యాలెన్సింగ్ ఎందుకు అని అడుగుతున్నాను. సుజాత గారు రెండో లైను తీసుకుంది స్పీడు చాలక కాదు, మొదటిది పోతే పని ఆగకూడదని. 200 వాళ్లకు మిగిలిపోతుంది. రెండోదాన్ని ఊరికే నిలబెట్టి, మొదటిది పోయినప్పుడు మాత్రమే వాడితే ఫాస్ట్‌ట్రాక్ గొడవ లేదు, బ్యాంకు గొడవ లేదు, ఈ మ్యాంగిల్ రూల్స్ ఒక్కటీ అక్కర్లేదు. నేను మా ఊళ్లో స్కూలుకి, రెండు రైస్ మిల్లులకు అలాగే పెట్టాను. మూడేళ్లలో ఎవరూ ఫోన్ చేయలేదు.

కావలి_మస్తాన్ · మంగళవారం రాత్రి 9:40

నెలనెలా డబ్బు కట్టి లైను ఖాళీగా ఉంచుకోవాలంటే ఏ ఓనర్ ఒప్పుకుంటాడు సార్?

పొదిలి_మాధవ · మంగళవారం రాత్రి 9:55

జనరేటర్ కొని రోజూ నడపట్లేదు కదా. ఇదీ అంతే.

నెల్లూరు_భాస్కర్ · మంగళవారం రాత్రి 10:10

మాధవ గారి మాటలో బలం ఉంది. కానీ ఖాళీగా పెట్టిన లైనుకి ఒక ఇబ్బంది ఉంది. అది ఎప్పుడో పోయి ఉంటుంది, ఎవరికీ తెలియదు. అవసరం వచ్చిన రోజు చూస్తే అదీ ఉండదు. రోజూ కొంత ట్రాఫిక్ పోతుంటే, పోయిన గంటలోనే ఎవరో ఒకరు అరుస్తారు. నేను మాత్రం కెమెరాలు, అప్‌డేట్‌లు, గెస్ట్ వైఫై కేబుల్ మీదికి తోసి, అకౌంట్స్, డాక్యుమెంట్స్ సిస్టమ్‌లు ఫైబర్ మీద ఉంచుతాను.

సుజాత_ఒంగోలు · బుధవారం ఉదయం 11:15

పాత రూల్‌లో మీరన్నదే ఉంది సార్, పోర్టులతో సహా. మార్చాను. పొద్దున్నుంచి బ్యాంకులో ఒక్కసారి కూడా బయటికి రాలేదు. జీఎస్టీ కూడా బాగుంది.

12లో 7 ఫైబర్ మీద, 5 కేబుల్ మీద పడ్డాయి. ఎనిమిది, నాలుగు అవుతాయి అనుకున్నాను. షిప్పింగ్ డాక్యుమెంట్స్ చేసే సిస్టమ్ కేబుల్ మీద పడింది, అది ఫైబర్‌కి రావాలంటే ఎలా?

నెల్లూరు_భాస్కర్ · బుధవారం ఉదయం 11:50

లెక్క ఐపీ అడ్రసు మీద ఆధారపడుతుంది కాబట్టి కొద్ది సిస్టమ్‌లు ఉన్నప్పుడు వాటాలు కచ్చితంగా రావు. ఆ సిస్టమ్‌కి ఐపీ స్థిరం చేసి, దాన్ని ఒక అడ్రస్ లిస్టులో వేసి, ఆ లిస్టుకి `wan1_conn` గుర్తు వేసే రూల్ ఈ మూడింటికీ పైన పెట్టండి. పైన గుర్తు పడితే కింది రూల్స్ దాన్ని ముట్టుకోవు.

ఇప్పుడు గురువారం సంగతి. ఫైబర్ రెండు గంటలు పనిచేయనప్పుడు రౌటర్‌లో పీపీపీఓఈ కనెక్ట్ అయ్యే ఉందా?

సుజాత_ఒంగోలు · బుధవారం మధ్యాహ్నం 12:30

లాగ్ చూశాను. ఆ రోజు డిస్కనెక్ట్ అయినట్టు ఒక్క లైనూ లేదు.

నెల్లూరు_భాస్కర్ · బుధవారం రాత్రి 9:00

అంటే వైరు తెగలేదు, కంపెనీ వాళ్ల లోపల ఎక్కడో అవతల పోయింది. మీ రౌటర్ నుంచి వాళ్ల మొదటి పెట్టె దాకా అన్నీ బాగున్నాయి, దాని తర్వాత దారి లేదు. రౌటర్ మాత్రం ఆ మొదటి పెట్టెనే పలకరిస్తోంది, అది బాగున్నాను అంటోంది. ఇక మారాల్సిన పని ఏముంది? మీ కేబుల్ లైనుకైతే ఇంకా అన్యాయం. దాని గేట్‌వే 192.168.1.1 అయి ఉంటుంది, అంటే మీ గోడకు బిగించిన పెట్టె. బయట తీగ తెగినా ఆ పెట్టె కరెంటు ఉన్నంతసేపూ జవాబు ఇస్తూనే ఉంటుంది.

కాబట్టి పలకరించాల్సింది గేట్‌వేని కాదు, ఇంటర్నెట్‌లో దూరంగా ఉన్న ఒక అడ్రసుని. ఫైబర్‌కి 1.1.1.1, కేబుల్‌కి 9.9.9.9 అనుకుందాం. ఆ అడ్రసుకి ఆ లైను గుండానే పోవాలని ఒక రూట్, మిగతా అంతా ఆ అడ్రసు దొరికినంతవరకే ఈ లైను మీద పోవాలని ఇంకో రూట్. కేబుల్‌ది ఇలా ఉంటుంది. మీది రౌటర్ ఓఎస్ 7 అనుకుని రాస్తున్నాను.

```
/ip route
add dst-address=9.9.9.9/32 gateway=192.168.1.1 scope=10
add dst-address=0.0.0.0/0 gateway=9.9.9.9 distance=2 \
  target-scope=11 check-gateway=ping
```

ఫైబర్‌కి మొదటి వరుసలో 1.1.1.1, గేట్‌వేగా `pppoe-out1`, రెండోదానిలో `distance=1`. గుర్తులున్న రూటింగ్ టేబుళ్లలో కూడా డిఫాల్ట్ రూట్‌ని ఇలాగే మార్చాలి, అది మరిచిపోతే గుర్తు పడిన సిస్టమ్‌లు మారవు. పీపీపీఓఈలోనూ, కేబుల్ వైపు డీహెచ్‌సీపీలోనూ డిఫాల్ట్ రూట్ దానంతట అదే కలిపే ఆప్షన్ తీసేయండి.

రౌటర్ ప్రతి 10 సెకన్లకు ఒకసారి పలకరిస్తుంది, వరుసగా రెండుసార్లు జవాబు లేకపోతే లైను పోయిందని తేల్చుకుంటుంది. అంటే 20 సెకన్లు, కాస్త అటూ ఇటూ.

పరీక్షించేటప్పుడు వైరు పీకి చూడకండి. వైరు పీకితే పాత సెట్టింగ్‌లో కూడా మారి ఉండేది. గురువారం లాంటి పరిస్థితి తెప్పించాలంటే రౌటర్ 1.1.1.1కి పంపేదాన్ని రౌటర్‌లోనే ఆపండి, చూశాక తీసేయండి.

```
/ip firewall filter
add chain=output dst-address=1.1.1.1 action=drop comment=test
```

హేచరీ_రాజు · బుధవారం రాత్రి 9:20

నా కెమెరాల సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకో మాట. పోయిన వానాకాలం మా దగ్గర రెండు కంపెనీల లైన్లూ ఒకేసారి పోయాయి. చూస్తే రెండు తీగలూ ఒకే కరెంటు స్తంభాల మీద వస్తున్నాయి. చెట్టు కొమ్మ ఒక్కటే పడింది, రెండూ తెగాయి.

నెల్లూరు_భాస్కర్ · బుధవారం రాత్రి 9:45

రాజు గారూ, క్షమించండి. మీది వేరే సమస్య. మీ రెండో లైనుకి రౌటర్‌లో వచ్చిన ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య ఉందా చూడండి. ఉంటే ఆ ఐపీ మీ ఒక్కరిది కాదు, కంపెనీ వాళ్లు చాలామందికి కలిపి ఒక పబ్లిక్ ఐపీ వాడుతున్నారు. బయటి నుంచి మీ కెమెరా పెట్టెకి నేరుగా రావడం కుదరదు. మొదటి లైను నుంచి వచ్చిన పిలుపుకి జవాబు కూడా ఆ లైనులోంచే పోవాలి, దానికి వేరే రూల్ కావాలి. మీ సెట్టింగ్ పెట్టి కొత్త చర్చ మొదలుపెట్టండి, అక్కడ చూస్తాను.

స్తంభాల మాట మాత్రం సుజాత గారు తప్పకుండా చూసుకోవాలి.

సుజాత_ఒంగోలు · గురువారం సాయంత్రం 6:10

ఆఫీసు మూసే టైముకి పరీక్ష పెట్టాను. ఆపే రూల్ వేశాక ఫోన్లో సెకన్లు లెక్కపెట్టాను. 23కి 8.8.4.4 పింగ్ మళ్లీ రావడం మొదలైంది. కానీ సైట్లు మాత్రం ఒక్కటీ తెరుచుకోలేదు! పింగ్ వస్తోంది, పేజీ రావట్లేదు. ఇప్పుడేంటి?

కావలి_మస్తాన్ · గురువారం సాయంత్రం 6:25

మేడమ్, ఇప్పుడు మాత్రం డీఎన్‌ఎస్సే. `/ip dns print` కొట్టి చూడండి. ఫైబర్ కంపెనీ ఇచ్చిన డీఎన్‌ఎస్ అడ్రసులు ఉంటాయి. పీపీపీఓఈ తెగలేదు కాబట్టి అవి అలాగే ఉంటాయి. ఇప్పుడు వాటిని కేబుల్ లైను నుంచి అడుగుతున్నారు. మేము కూడా మా డీఎన్‌ఎస్‌ని బయటి నెట్‌వర్క్ నుంచి అడిగితే జవాబు ఇవ్వం, మా కస్టమర్లకు మాత్రమే.

నెల్లూరు_భాస్కర్ · గురువారం రాత్రి 8:30

మస్తాన్ గారు సరిగ్గా చెప్పారు. రెండు వైపులా `use-peer-dns=no` చేసి, ఎవరికైనా జవాబిచ్చే డీఎన్‌ఎస్ పెట్టండి.

```
/ip dns set servers=8.8.8.8,1.0.0.1
```

1.1.1.1, 9.9.9.9 మాత్రం ఇక్కడ పెట్టకండి. వాటిని మనం ఒక్కో లైనుకి కట్టేశాం, ఆ లైను పోతే ఆ డీఎన్‌ఎస్ కూడా పోతుంది. ఏ కంప్యూటర్‌లోనైనా ఎవరైనా చేత్తో ఈ రెండూ పెట్టి ఉంటే తీసేయండి. లైను పోయినప్పుడు ఆ ఒక్క సిస్టమ్‌కే నెట్ రాదు, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు.

సుజాత_ఒంగోలు · తర్వాతి గురువారం, సాయంత్రం 5:30

వారం ఆగి రాస్తున్నాను. డీఎన్‌ఎస్ మార్చాక మళ్లీ పరీక్షిస్తే 24 సెకన్లలో పేజీ తెరుచుకుంది. మొన్న మంగళవారం నిజంగానే ఫైబర్ 40 నిమిషాలు పోయింది. మా వాళ్లకు తెలియనే లేదు, నేను లాగ్ చూసి తెలుసుకున్నాను. ఆ టైములోనే ఒక షిప్పింగ్ బిల్లు కూడా వేశారు. మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఒక్కటి మిగిలింది. ఆ మంగళవారమే బయ్యర్‌తో వీడియో కాల్ నడుస్తోంది. కాల్ తెగింది, అది సరే. కానీ తెగాక మిగతా సైట్లన్నీ వస్తున్నా ఆ సిస్టమ్‌లో ఫ్యాక్టరీ వీపీఎన్ మాత్రం పావుగంట వరకు కలవలేదు. ఎందుకు?

రాజు గారు చెప్పాక మా వీధిలో తీగలు చూసుకుంటూ నడిచాను. మూల మీద ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నుంచి మా మేడ దాకా ఆరు స్తంభాలు, రెండు తీగలూ ఒకే కట్టగా వస్తున్నాయి.

నెల్లూరు_భాస్కర్ · తర్వాతి గురువారం, రాత్రి 9:05

కాల్ తెగడం తప్పదు, పబ్లిక్ ఐపీ మారిపోతుంది కాబట్టి. వీపీఎన్‌ది వేరు. అది ఆగకుండా ప్యాకెట్లు పంపుతూ ఉంటుంది, అందుకని రౌటర్ పట్టికలో పాత కనెక్షన్ పాత అడ్రసుతో బతికే ఉంటుంది. పీపీపీఓఈ తెగి ఉంటే రౌటర్ దాన్ని తుడిచేసేది, ఇక్కడ తెగలేదు. లైను మారగానే ఆ పాత వరుసలు తుడిచే స్క్రిప్ట్ పెట్టవచ్చు. కానీ లైను నిమిషానికోసారి పోయి వచ్చే రోజున ఆ స్క్రిప్ట్ అందరి కనెక్షన్లనూ తెంపుతూ కూర్చుంటుంది. నేను రెండు చోట్ల పెట్టాను, ఒక చోట తీసేశాను. వీపీఎన్ ఒక్క సిస్టమ్‌లోనే అయితే చేత్తో ఆ వరుస తీసేయడమే నయం అనిపిస్తోంది.

పొదిలి_మాధవ · తర్వాతి గురువారం, రాత్రి 9:20

ఆరు స్తంభాల మీద ఒకే కట్ట అంటే రెండో లైను సగం అక్కరకే వచ్చినట్టు. సిమ్ వేసే 4జీ రౌటర్ ఒకటి మూడోదిగా పెట్టండి. షిప్పింగ్ బిల్లు వేయడానికి అది చాలు.

కావలి_మస్తాన్ · తర్వాతి గురువారం, రాత్రి 9:40

మూడో దాని కంటే ముందు మీ కేబుల్ ఆపరేటర్‌ని అడగండి మేడమ్. వెనక వీధి వైపు నుంచి తీగ తెచ్చే వీలు చాలాసార్లు ఉంటుంది. నేనైతే నా కస్టమర్ అడిగితే 100, 150 మీటర్ల వరకు లాగి ఇస్తాను.

సుజాత_ఒంగోలు · శుక్రవారం ఉదయం 10:05

ఆపరేటర్‌కి ఫోన్ చేశాను మస్తాన్ గారూ. సోమవారం వచ్చి వెనక సందు కొలుస్తానన్నాడు.